గేటు తొమ్మిదింటికి మూస్తారు

ఇంగ్లిషు పాఠం ఎలా ఉండాలని ఏ శిక్షణ తరగతిలో అడిగినా వచ్చే జవాబు ఒక్కటే: వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ సమపాళ్లలో ఉండాలి. మాట బాగానే ఉంది, చిక్కంతా ఆ ‘సమపాళ్ల’ దగ్గరే. 45 నిమిషాల పీరియడ్‌ను నాలుగు ముక్కలు చేసి, ఒక్కో నైపుణ్యానికి పదకొండు నిమిషాల చొప్పున పంచితే పాఠ్యప్రణాళిక కాగితం మీద చక్కగా కనిపిస్తుంది. తరగతిలో మాత్రం ఒక ముక్కకూ ఇంకో ముక్కకూ సంబంధం ఉండదు. విన్నది ఏదో కథ, చదివింది ఇంకేదో పేరా, మాట్లాడమన్నది ‘నా స్నేహితుడు’ గురించి, రాయమన్నది సెలవు చీటీ. పిల్లవాడు సరిగా వినకపోయినా చదవడానికి అడ్డం ఉండదు, చదవకపోయినా రాయడానికి అడ్డం ఉండదు. అందుకే విననూ వినడు, చదవనూ చదవడు. నా లెక్కలో సమతూకం అంటే నిమిషాల పంపకం కాదు. ఒకే పని పూర్తి కావాలంటే చెవి, కన్ను, నోరు, చెయ్యి నాలుగూ కావాలి, ఏ ఒక్కటి తప్పినా పని కుంటుపడాలి, అది ఎక్కడ తప్పిందో ఉపాధ్యాయుడికి తెలిసిపోవాలి. అలాంటి పాఠం ఒకటి ఇక్కడే, నంద్యాల జిల్లా దారుల మీదే దొరుకుతుంది.

శ్రీశైలం వెళ్లే నల్లమల ఘాట్ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీశాఖ మూసేస్తుంది. పులులున్న అడవి కాబట్టి ఆ నియమం. దోర్నాల దగ్గర గేటు పడ్డాక వెళ్లినవాళ్లు తెల్లారేదాకా అక్కడే ఆగాలి. ఈ సంగతి ఇక్కడి ఎనిమిదో తరగతి పిల్లలకు కొత్త కాదు, బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్లకు తెలియదు. పాఠానికి ఇంతకంటే మంచి ముడిసరుకు ఉండదు. తెలుగు రాని ఒక కుటుంబం కారులో అహోబిలం వచ్చింది. ఆ రాత్రికే శ్రీశైలం చేరాలి. అహోబిలంలో ఆలస్యమైతే ఎన్నింటి లోపల బయల్దేరాలి? పిల్లలు తేల్చాల్సింది ఇదొక్కటే.

సమాచారాన్ని రెండు చోట్ల దాచాలి. మొదటిది చదవాల్సిన కాగితం. అందులో ఆళ్లగడ్డ, నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల మీదుగా దారి, ఒక్కో దూరానికి పట్టే సమయం ఉంటాయి. పాఠం కోసం వేసుకున్న అంకెలే అనుకోండి: అహోబిలం నుంచి ఆళ్లగడ్డకు 45 నిమిషాలు, అక్కడి నుంచి నంద్యాలకు 60, నంద్యాల నుంచి ఆత్మకూరుకు 75, ఆత్మకూరు నుంచి దోర్నాలకు 90. కింద గేటు నోటీసు రెండు వాక్యాలు. రెండోది వినాల్సిన ఫోను సంభాషణ. ఆ కుటుంబపెద్ద తన డ్రైవరుతో మాట్లాడుతుంటాడు, మధ్యలో ఒక మాట దొర్లుతుంది: ఆళ్లగడ్డలో రాతి శిల్పాలు చెక్కే చోట పదిహేను నిమిషాలు ఆగుదాం, ‘ఫిఫ్టీన్ మినిట్స్’. కాగితం ఎంత బాగా చదివినా ఈ మాట దొరకదు, విన్నవాడికే దొరుకుతుంది.

ఇప్పుడు జవాబులు చూడండి. ప్రయాణం నాలుగున్నర గంటలు, ఆగేది పావుగంట, తొమ్మిది నుంచి వెనక్కి లెక్కేస్తే 4:15. ఒక పిల్ల 4:30 అని రాసిందంటే ఆగే సంగతి ఆమె చెవిన పడలేదు. 3:40 అని రాస్తే ‘ఫిఫ్టీన్’ను ‘ఫిఫ్టీ’గా విన్నట్టు. ఇది మన చెవికి సహజంగా వచ్చే పొరపాటే. తెలుగులో అర్థాన్ని మార్చేది అచ్చు పొడవు, ఒత్తి పలకడం కాదు. ఇంగ్లిషువాళ్లు ఈ రెంటినీ ప్రధానంగా ఒత్తును బట్టి పోల్చుకుంటారు. పదిహేనులో ఒత్తు చివర పడుతుంది, యాభైలో మొదట పడుతుంది. వేగంగా మాట్లాడినప్పుడు చివరి ‘న్’ను మింగేస్తే మనకు రెండూ ఒకటే అవుతాయి. ఇక జవాబు 5:30 వచ్చిందంటే చెవి బాగానే పనిచేసింది, కన్ను నంద్యాల-ఆత్మకూరు వరుసను దాటేసింది. తప్పు జవాబు తప్పుగానే మిగిలిపోకుండా, ఏ నైపుణ్యం జారిందో పేరు పెట్టి చెబుతుంది. నిమిషాలు పంచిన పాఠం ఈ పని చేయలేదు.

మాట్లాడటం ఎక్కడ వస్తుంది? కాగితాన్ని రెండుగా చింపాలి. ఒకరి చేతిలో మొదటి రెండు దూరాలు, ఇంకొకరి చేతిలో మిగతా రెండూ, గేటు నోటీసూ. ఇద్దరూ వీపులు ఆనించుకుని కూర్చుంటే ఫోనులో మాట్లాడుతున్నట్టే. ఎదురెదురుగా కూర్చోబెడితే పని చెడుతుంది, కాగితం ఒకసారి చూపిస్తే చాలు, ఇక మాటతో అవసరం ఉండదు. ఒకరు అడగాలి, ఇంకొకరు చెప్పాలి, వినబడకపోతే మళ్లీ అడగాలి. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరినీ లేపి మాట్లాడిస్తే 20 నిమిషాల్లో ఒక్కొక్కరికి వచ్చేది అర నిమిషం. జంటలుగా చేస్తే 10 నిమిషాల్లోనే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు దక్కుతాయి.

ఆఖరిది రాత. ఆ కుటుంబానికి నాలుగు వాక్యాల వాట్సాప్ సందేశం: ఎన్నింటి లోపల బయల్దేరాలి, ఎందుకు, ఆలస్యమైతే ఏం చేయాలి. ఇక్కడ ఒక తప్పు తప్పకుండా కనిపిస్తుంది. ‘ప్లీజ్ ఆస్క్ వాట్ టైమ్ డజ్ ద గేట్ క్లోజ్’ అని రాస్తారు. సరైనది ‘వాట్ టైమ్ ద గేట్ క్లోజెస్’. ఎర్ర సిరాతో కొట్టేస్తే ఏమీ అర్థం కాదు, తెలుగులో రెండు నిమిషాలు చెబితే అర్థమవుతుంది. ‘గేటు ఎన్నింటికి మూస్తారు?’ అన్నది ప్రశ్న. ‘గేటు ఎన్నింటికి మూస్తారో అడగండి’ అన్నప్పుడు మనం చివర ‘ఓ’ చేర్చి అది ప్రశ్న కాదని చెబుతాం, పదాల వరుస కదలదు. ఇంగ్లిషులో ఆ ‘ఓ’ లేదు కాబట్టి వరుసనే తిరిగి మామూలుగా పేరుస్తారు, ‘డజ్’ను తీసేస్తారు. ఇంగ్లిషు తరగతిలో తెలుగు వాడకూడదనే పట్టింపు నాకు ఇక్కడే అర్థం కాదు. పిల్లలకు ముందే వచ్చిన వ్యాకరణాన్ని పక్కన పెట్టి కొత్తది నేర్పాలనుకోవడం ఉన్న దీపాన్ని ఆర్పి వెతుక్కోవడమే.

సమయం ఎలా పడుతుందంటే, ‘చెక్‌పోస్ట్’, ‘అలౌ’, ‘లేటెస్ట్’ లాంటి మాటలకు 5 నిమిషాలు. వినడానికి 10, ఒకసారి కలం పట్టకుండా, ఇంకోసారి కలంతో, అవసరమైతే మూడోసారి. సొంత కాగితం చదవడానికి 5, జంటల మాటకు 10, జవాబులు పోల్చుకోవడానికి 5, రాతకు 10. చదవడానికి ఐదే నిమిషాలా అంటే, అవును, ఐదే. మర్నాడు పాఠ్యపుస్తకం తెరిచాక పీరియడ్ అంతా చదువే ఉంటుంది. తూకం చూడాల్సింది ఒక పీరియడ్‌లో కాదు, రెండు వారాల్లో. ఏ రోజు ఏ నైపుణ్యానికి ఎన్ని నిమిషాలు పోయాయో డైరీలో రాసుకుంటే, పన్నెండు పీరియడ్లు గడిచేసరికి గండి ఎక్కడుందో కనిపిస్తుంది. చాలా బడుల్లో అది వినడం దగ్గరే ఉంటుందని నా నమ్మకం.

దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. అన్నిటికంటే గట్టిది వందేళ్ల నాటిది. ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో వచ్చిన తన పుస్తకంలో, మన దేశపు పిల్లలకు ముందు చదవడం నేర్పాలని వాదించాడు. చాలామంది మధ్యలోనే బడి మానేస్తారు, మానేసిన రోజున చేతిలో ఏదో ఒక పనికొచ్చేది మిగలాలి, అరకొరగా వచ్చిన మాట కంటే అరకొరగా వచ్చిన చదువు ఎక్కువ పనికొస్తుంది అన్నది ఆయన లెక్క. లెక్క వేసే పద్ధతిని నేను ఒప్పుకుంటాను, అంకెలు మారాయంటాను. ఆనాటి ఢాకా పల్లెటూరి పిల్లవాడికి ఇంగ్లిషు మాట వినబడే సందర్భాలు తక్కువ. ఇవాళ పదో తరగతితో చదువు ఆపి శ్రీశైలంలో కారు నడిపే కుర్రాడికి ఇంగ్లిషు ముందుగా ఫోనులోనే ఎదురవుతుంది, అదీ తమిళ, మరాఠీ, బెంగాలీ యాసల్లో. వెస్ట్ సూత్రాన్నే పట్టుకుంటే ఇప్పుడు ముందుకు రావాల్సింది చెవి.

రెండో అభ్యంతరం ఎన్.ఎస్. ప్రభుది. మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో పనిచేస్తూ 1979 నుంచి 1984 దాకా దక్షిణాది బడుల్లో ఆయన నడిపిన ప్రయోగాన్ని బెంగళూరు ప్రాజెక్టు అంటారు. టైమ్‌టేబుళ్లు, మ్యాపులు ఇచ్చి లెక్క తేల్చమనే పాఠాలు అక్కడివే. నా దోర్నాల లెక్కకు ఆ వంశవృక్షం ఉందని దాచడం ఎందుకు? అయితే ఆయన జంటలకు, గుంపులకు మొగ్గు చూపలేదు. రాని భాషలో పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే ఒకరి తప్పులు ఇంకొకరిలో పాతుకుపోతాయని భయం. ఆ భయం నిజమే. అందుకే జంటల పని పాఠం మొదట్లో పెట్టకూడదు. అడగాల్సిన ప్రశ్న రూపం ముందు ఫోను సంభాషణలో రెండుసార్లు వినబడి ఉండాలి, బోర్డు మీద ఒకసారి కనబడి ఉండాలి. అలా చేసినా కొన్ని జంటలు తెలుగులోకి జారుకుంటాయి. జవాబు ఒక్కటే రాసి ప్రశ్న రాయని కాగితం చూస్తే అది తెలిసిపోతుంది, కాబట్టి అడిగిన ప్రశ్నను కూడా రాయమనాలి.

మూడోది అందరూ అడిగేదే. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిషు పేపరు రాత పేపరే, పిల్లవాడి గొంతు అక్కడ ఎవరూ వినరు, మరి ఈ గోల ఎందుకు? పరీక్షలోనూ ఉత్తరం రాయమంటారు, సంభాషణ రాయమంటారు. రాయడానికి సంగతి లేనివాడు గైడులోని ఉత్తరాన్ని బట్టీ కొడతాడు. 4:15కు బయల్దేరమని ఎందుకు చెప్పాలో తెలిసినవాడు ‘బికాజ్’ తర్వాత ఏం రాయాలో వెతుక్కోడు. ఇంతవరకే నేను చెప్పగలను. ఇలాంటి పాఠం రోజూ కుదరదు, సిలబస్ పూర్తి చేయాలి, కాగితాలు సిద్ధం చేయడానికే ఒక సాయంత్రం పోతుంది. రెండు వారాలకు రెండు జరిగితే ఎక్కువే. రెండోసారి దారి మారిస్తే చాలు, హైదరాబాదు వైపు నుంచి మన్ననూరు గేటు లెక్క పెట్టవచ్చు. పని పాతదే కాబట్టి మాట తడబాటు తగ్గుతుంది.

మొదటిసారి పాఠం అయ్యాక కాగితాలు సరిదిద్దే ముందు జవాబుల వారీగా కుప్పలు పెట్టాలి. 4:15 కుప్పను పక్కన పెట్టేయవచ్చు. 5:30 కుప్ప పెద్దదైతే మర్నాడు టేబుల్ చదవడం మీద ఐదు నిమిషాలు. 3:40 కుప్ప పెద్దదైతే థర్టీన్-థర్టీ, ఫోర్టీన్-ఫోర్టీ, ఫిఫ్టీన్-ఫిఫ్టీ జంటలను నోట పలికి, విన్న అంకెను మాత్రమే రాయించాలి, బోర్డు మీద ఏమీ రాయకుండా.