ముచ్చిక కింద చూడు

వేసవి సెలవులకు వచ్చిన మా అబ్బాయికి పదకొండేళ్లు. వాణ్ణి ఉదయం ఆరున్నరకే లేపి, చేతికి గుడ్డసంచి ఇచ్చి, మా అమ్మ విజయవాడ పటమట రైతుబజారుకు బయల్దేరదీసింది. వెనక నేను. రైతులే తెచ్చి అమ్ముకునే ఈ బజార్లు 1999 జనవరిలో మొదలైనప్పటి నుంచీ ఆవిడకు ఇదే అలవాటు. ఆ రోజు వంట గుత్తివంకాయ. అంటే అరకిలో నల్లవంకాయలు, ఒకే సైజువి, ఓ పన్నెండు కావాలి.

అబ్బాయి కొట్టు ముందు కూర్చుని నిగనిగలాడేవన్నీ ఏరాడు. అమ్మ ఒక్కొక్కటీ తీసుకుని కొంగుతో తుడిచింది. తుడిచాక రెండింటి మెరుపు పోయింది.

“అది నీళ్ల మెరుపురా నాన్నా. చల్లితే వస్తుంది, తుడిస్తే పోతుంది. లేతకాయ మెరుపు తుడిచినా పోదు.”

కాయ ముదిరి లోపల గింజ గట్టిపడే కొద్దీ పైతోలు కళ తప్పుతుంది. ఇంకా ముదిరితే గోధుమ, పసుపు ఛాయలు తేలతాయి. రెండో పరీక్ష బొటనవేలితో. మెల్లగా నొక్కితే కొద్దిగా లోపలికి వెళ్లి మళ్లీ పైకి రావాలి. గుంట అలాగే ఉండిపోతే కోసి చాలాసేపైందని. ముచ్చిక పచ్చగా బిగుతుగా ఉండాలి, ఎండి ముడుచుకుంటే అది నిన్నటి సరుకు. బరువు తూచి గింజ సంగతి చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. అమ్మ దాన్ని నమ్మదు. నాకూ అది కుదిరినట్టు ఎప్పుడూ అనిపించలేదు.

“బొక్కలున్నవి తీసేశాను నానమ్మా, పుచ్చు ఉండదుగా?” అన్నాడు వీడు గర్వంగా.

ఇక్కడే చాలామంది మోసపోతారు. వంగతోటను పీడించే కాయతొలుచు పురుగు గుడ్డులోంచి బయటపడగానే, ఇంకా దారప్పోగంత ఉన్నప్పుడే, ఎక్కువగా ముచ్చిక దగ్గర్నుంచి కాయలోకి దూరుతుంది. కాయ పెరిగే కొద్దీ ఆ సన్నని రంధ్రం పూడిపోతుంది. మనకు స్పష్టంగా కనిపించే గుండ్రటి బొక్క, పురుగు పెద్దదై బయటికి వెళ్లిపోయిన దారి. అంటే బొక్కున్న కాయ ఖాళీ అయిన కొంప. పురుగు లేకపోయినా లోపలంతా దాని పెంటే, కాబట్టి తీసేయడం సరైందే. కానీ బొక్క లేనంత మాత్రాన పురుగు లేదనడానికి లేదు. అమ్మ ఈ సంగతి పుస్తకాల్లో చదవలేదు. ముచ్చిక అంచును గోటితో కాస్త ఎత్తి చూస్తుంది, అంతే. అక్కడ చుక్కంత మచ్చ కనిపించినా, కాయ ఒక పక్కకి గిడసబారినా పక్కన పెట్టేస్తుంది.

వంకాయలయ్యాక బెండకాయలు. కొన విరిచి చూడటం అందరికీ తెలిసిందే. టప్పున విరిగితే లేత, పీచుతో వేలాడితే ముదురు. అబ్బాయి మూడు విరిచేసరికి కొట్టతను, “మామ్మగారూ, మనవడు నా బేరం ముంచేట్టున్నాడు” అన్నాడు నవ్వుతూనే. అమ్మ విరిచిన మూడూ తన పళ్లెంలోనే వేసుకుంది. విరిచిన కాయ కొనకుండా వదిలేయడం ఆవిడ దృష్టిలో దొంగతనం కింద లెక్క.

ఈ పరీక్షకూ ఒక హద్దుంది. వాడిపోయిన బెండకాయ లేతదైనా సరే టప్పున విరగదు, రబ్బరులా వంగుతుంది. ఎండ ఎక్కాక వచ్చి కొనలు విరిస్తే లేతా ముదురూ తేడా తెలియదు. అమ్మ పొద్దున్నే రావడానికి కారణం చల్లదనం కాదు, ఇదీ. నీళ్లు చల్లిన బెండకాయలైతే ఆవిడ అసలు ముట్టుకోదు. సంచిలో తడి ఆరక జిగురెక్కి, మర్నాటికి నల్లమచ్చలు వేస్తాయని.

చివర్లో దోసకాయ. పైన ఎంత పసుపుగా ఉన్నా చేదు సంగతి పైకి తెలియదు. ఇంటికెళ్లి చిన్నముక్క నాలిక మీద వేసుకోవాల్సిందే. సొరకాయకూ అంతే. చేదుగా ఉంటే ఉడికించినా ఆ చేదు పోదు, పైగా ప్రమాదం, పారేయాలి. “మరి ఇక్కడ ఏం చూసి కొనాలి?” అని వాడు అడిగితే, “అమ్మేవాణ్ణి” అంది అమ్మ. ఆవిడకి పదేళ్లుగా ఒకే దోసకాయల రైతు.

ఇంట్లో కత్తిపీట ముందు కూర్చుని, ముచ్చిక ఊడకుండా పన్నెండు వంకాయల్నీ నాలుగు పక్షాలుగా చీల్చి ఉప్పునీళ్లలో వేసింది. నల్లబడకుండా ఉండటానికే కాదు, చీల్చినప్పుడే ప్రతి కాయ లోపలా చూడొచ్చు. పదకొండు తెల్లగా ఉన్నాయి. పన్నెండోదాంట్లో గులాబీరంగు పురుగు కదిలింది.

“నువ్వే ఏరావు నానమ్మా ఇది!” అన్నాడు వాడు.

“నేనేరా” అని అమ్మ దాన్ని పక్కకి నెట్టింది. వాడు మాత్రం ఆ కాయను వదల్లేదు. తాతగారి భూతద్దం తెచ్చుకుని, ముచ్చిక అంచు ఎత్తి, పురుగు దూరిన చోటు కోసం వెతుకుతూ కూర్చున్నాడు.