ఎన్ని చేతులు కలిస్తే ఖలీఫా?

క్రీ.శ. 632 జూన్‌లో మదీనాలో ప్రవక్త ముహమ్మద్ కన్నుమూశారు. అల్లుడు అలీ, బాబాయి అబ్బాస్ తదితర కుటుంబ సభ్యులు ఇంట్లో దేహం దగ్గరే ఉన్నారు. ఖననం ఇంకా కాలేదు. ఈలోగా ఊళ్లో బనూ సాయిదా తెగవారి పందిరి కింద ఒక సభ మొదలైంది. మక్కా నుంచి వలస వచ్చిన ముస్లింలకు పదేళ్ల కిందట ఆశ్రయమిచ్చిన మదీనా వాసులను అన్సార్లు అంటారు. తమ పెద్ద సాద్ ఇబ్న్ ఉబాదాను నాయకుడిగా నిలబెట్టాలని వాళ్లు అక్కడ కూడారు. సాద్‌కు ఒంట్లో బాగాలేదు, దుప్పటి కప్పుకునే కూర్చున్నాడు. కబురు అందగానే వలస వచ్చినవారిలో ముగ్గురు, అబూబక్ర్, ఉమర్, అబూ ఉబైదా, అక్కడికి చేరుకున్నారు.

వాదన చాలాసేపు జరిగింది. తమ ఖురైష్ తెగ మనిషిని తప్ప వేరొకరిని అరబ్బులు ఒప్పుకోరని అబూబక్ర్ అన్నారు. అయితే మీలో ఒకరు, మాలో ఒకరు నాయకులుగా ఉండాలని హుబాబ్ అనే అన్సార్ పెద్ద ప్రతిపాదించాడు. అన్సార్లలోనే ఔస్, ఖజ్రజ్ అని రెండు తెగలున్నాయి, వాటి మధ్య పాత పగలూ ఉన్నాయి. సాద్ ఖజ్రజ్ వాడు. అతని పెత్తనం ఔస్ తెగకు రుచించలేదు. చివరకు ఉమర్ అబూబక్ర్ చెయ్యి పట్టుకుని విధేయత ప్రకటించారు. ఇలా చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకోవడాన్నే బైఅత్ అంటారు. సభలో ఉన్నవాళ్లు ఒకరి తరువాత ఒకరు అదే పని చేశారు. సాద్ మాత్రం చెయ్యి కలపలేదు. తరువాత సిరియా వైపు వెళ్లిపోయి అక్కడే చనిపోయాడు. ప్రవక్త కుమార్తె ఫాతిమా బతికున్నన్నాళ్లు అలీ కూడా బైఅత్ చేయలేదనీ, ఆమె ఆరు నెలలకు మరణించాక చేశారనీ సున్నీలు ఎంతో ప్రామాణికంగా భావించే బుఖారీ సంకలనమే చెబుతుంది.

ఈ సభ గురించి పుట్టిన రాతలన్నిటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఉమర్ తన చివరి రోజుల్లో మదీనా మసీదులో చెప్పినట్టు నమోదైన మాట. అబూబక్ర్ ఎంపిక హఠాత్తుగా జరిగిపోయిందని ఆయన ఒప్పుకున్నారు. దేవుడు దాని కీడు నుంచి కాపాడాడన్నారు. ఎవరైనా ఇకమీదట సంప్రదింపు లేకుండా ఒకరికి బైఅత్ చేస్తే ఆ ఇద్దరినీ అనుసరించవద్దని హెచ్చరించారు. అంటే ఆ పని చేసిన మనిషే దాన్ని ఆనవాయితీగా తీసుకోవద్దన్నాడు. తరువాతి న్యాయవేత్తలు సరిగ్గా దాన్నే ఆనవాయితీ చేసుకున్నారు. ఇస్లామీయ రాజనీతి శాస్త్రంలో పెద్ద భాగం ఆ పందిరి కింద ఎవరు ముందు చెయ్యి చాపారో లెక్కపెట్టడంతోనే మొదలైంది.

ఆ లెక్క ఎలా నడిచిందో చూడాలంటే బాగ్దాదు న్యాయమూర్తి మావర్దీ దగ్గరికి వెళ్లాలి. ఆయన 1058లో మరణించాడు. పాలన నియమాలపై ఆయన రాసిన 'అల్ అహ్కామ్ అల్ సుల్తానియ్యా'లో ఒక సూటి ప్రశ్న ఉంది: ఖలీఫా చెల్లాలంటే ఎంతమంది ఎన్నుకోవాలి? దానికి ఆయన పూర్వీకుల జవాబులను వరసగా పెట్టి పరీక్షించాడు. ప్రతి ప్రాంతంలోని పెద్దల్లో అత్యధికులు ఒప్పుకోవాలని కొందరన్నారు. ఇది నిలవదు, ఎందుకంటే అబూబక్ర్ విషయంలో సభలో ఉన్నవాళ్లే చెయ్యి కలిపారు, లేనివాళ్ల కోసం ఎవరూ ఆగలేదు. అయిదుగురు చాలని మరికొందరు. వాళ్ల ఆధారం అదే సభలో ముందుగా బైఅత్ చేసిన అయిదుగురు: ఉమర్, అబూ ఉబైదా, ఔస్ పెద్ద ఉసైద్, ఖజ్రజ్ వాడైన బషీర్, అబూ హుజైఫా విముక్త సేవకుడు సాలిమ్. కూఫా పండితులు ముగ్గురు చాలన్నారు. నికాహ్‌కు ఒక సంరక్షకుడు, ఇద్దరు సాక్షులు సరిపోయినట్టే ఇక్కడా ఒకరు ఒప్పందం చేసి ఇద్దరు సమ్మతిస్తే చాలని వాళ్ల తర్కం. ఒక్కరే చాలన్న వర్గం ఇంకా దూరం పోయింది. వాళ్ల సాక్ష్యం అబ్బాస్. ప్రవక్త పోయినప్పుడు ఆయన అలీతో చెయ్యి చాపమన్నాడట. ప్రవక్త బాబాయే ప్రవక్తకు వరసకు సోదరుడైన అలీకి బైఅత్ చేశాడంటే ఇక ఇద్దరు మనుషుల మధ్య కూడా తేడా రాదన్నాడట. అలీకి అధికారం దక్కాలని చెప్పిన మాట, ఒక్క ఓటుతో ఎవరినైనా ఖలీఫాను చేయవచ్చనే సిద్ధాంతానికి ఆసరా అయింది!

ఈ పద్ధతిలో బలమూ ఉంది, బలహీనతా ఉంది. బలమేమిటంటే, ఖలీఫా పదవి ఒక ఒప్పందమని ఇది ఖాయం చేసింది. ఒప్పందమైతే రెండు పక్షాలుంటాయి, షరతులుంటాయి, అర్హతలుంటాయి. బలహీనత ఎక్కడుందో ఉమర్ ఏర్పాటు చేసిన ఆరుగురి మండలి కథలో కనిపిస్తుంది. 644లో కత్తిపోట్లతో మంచాన పడ్డ రెండో ఖలీఫా ఉమర్ అలీ, ఉస్మాన్, అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్, సాద్ ఇబ్న్ అబీ వక్కాస్, జుబైర్, తల్హాలను నియమించి తమలో ఒకరిని ఎన్నుకోమన్నారు. ఆరుగురిని పెట్టింది అయిదుగురి సమ్మతితో ఒకరు ఎన్నిక కావాలనే అని 'అయిదుగురి వాదం' వాళ్లు చెబుతారు. జరిగింది వేరు. ముగ్గురు తమ హక్కును మిగిలిన ముగ్గురికి ఒప్పగించారు. ఆ ముగ్గురిలో అబ్దుర్రహ్మాన్ తాను పోటీ నుంచి తప్పుకుని, బదులుగా తీర్పు చెప్పే అధికారం తీసుకున్నాడు. మిగిలింది అలీ, ఉస్మాన్. దేవుని గ్రంథం, ప్రవక్త మార్గం, ముందటి ఇద్దరు ఖలీఫాల నడవడి, ఈ మూడింటినీ పాటిస్తారా అని ఇద్దరినీ అడిగాడని చరిత్రకారుడు తబరీ రాశాడు. నా జ్ఞానం, నా శక్తి మేరకు చేస్తానన్నారు అలీ. ఉస్మాన్ అవునన్నారు. ఖలీఫా అయ్యారు. అంటే అయిదుగురి సమ్మతి కాగితం మీదే ఉంది. నిర్ణయం ఒకే మనిషి చేతిలో పడింది, అదీ ఒక ప్రశ్నకు వచ్చిన జవాబులోని ఒక షరతును బట్టి.

ఇదంతా చూసి లెక్క పెట్టడమే తప్పన్న పండితులు అదే బాగ్దాదులో ఉన్నారు. మావర్దీ సమకాలికుడు షరీఫ్ ముర్తజా (మరణం 1044) షియాలలో పెద్ద తార్కికుడు. ఆయన వాదం కేవలం అలీ గొప్పతనం గురించి కాదు. మనుషులు తప్పు చేస్తారు కాబట్టే వాళ్లకు నాయకుడు కావాలి. ఆ నాయకుడూ తప్పు చేసేవాడే అయితే అతనికి మరో నాయకుడు కావాలి, ఇది ఎక్కడా ఆగదు. కాబట్టి ఆ నాయకుడు, అంటే ఇమామ్, తప్పు చేయనివాడై ఉండాలి. ఎవరు తప్పు చేయనివాడో బయటి నుంచి చూసి తెలుసుకోలేం, అది లోపలి గుణం. అందుకని అయిదుగురు కాదు, యాభైమంది కూడినా ఇమామ్‌ను ఎన్నుకోలేరు. దేవుడు చెప్పాలి, ప్రవక్త ప్రకటించాలి. ఆ ప్రకటన 632 మార్చిలో, చివరి హజ్ నుంచి తిరిగి వస్తూ గదీర్ ఖుమ్ అనే చోట జరిగిందని షియాల నమ్మకం. అక్కడ ప్రవక్త అలీ చెయ్యి పట్టుకుని ఆయన గురించి గొప్పగా చెప్పారని సున్నీలూ ఒప్పుకుంటారు. అయితే అది అలీ మీద కొందరికున్న ఫిర్యాదులను చల్లార్చడానికి చెప్పిన ఆదరణ మాట తప్ప వారసత్వ ప్రకటన కాదంటారు.

ఖారిజీలది మూడో దారి. 657లో సిఫ్ఫీన్ యుద్ధంలో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు అలీని వదిలేసినవాళ్లు వీళ్లు. నీతి తప్పకపోతే ఏ ముస్లిమైనా, బానిస అయినా సరే నాయకుడు కావచ్చు, నీతి తప్పితే దించేయాలి అన్నారు. వినడానికి అన్నిటికంటే సమానత్వం దీనిలోనే ఉంది. కానీ పాపం చేసినవాడు ముస్లిమే కాడని వాళ్లలో తీవ్రవాదులు తేల్చడంతో ఒకరినొకరు వెలివేసుకుంటూ ముక్కలయ్యారు.

మళ్లీ బాగ్దాదుకు వద్దాం. మావర్దీ, ముర్తజా రాస్తున్న ఆ రోజుల్లో నగరాన్ని నిజంగా ఏలుతున్నది ఖలీఫా కాదు, బుయీద్ సేనానులు. 945లో నగరాన్ని పట్టుకున్న వీళ్లు షియాలు. అయినా సున్నీ ఖలీఫాను కొనసాగించారు. ఆయన పేరుండాలి, ఆజ్ఞ వీళ్లదై ఉండాలి. మావర్దీ గ్రంథంలో కంటిచూపు పోయిన ఖలీఫా పదవికి పనికిరాడనే నియమం ఉంది. చదవడానికి వైద్య అర్హతలా ఉంటుంది. కానీ 934లో ఖాహిర్‌ను, 944లో ముత్తఖీని, 946లో ముస్తక్ఫీని పదవి నుంచి తప్పించినప్పుడు ముగ్గురి కళ్లూ పొడిపించారు. చంపనక్కర లేకుండా శాశ్వతంగా అనర్హుణ్ని చేసే మార్గమది. అన్యాయం చేసిన ఖలీఫా పదవికి తగడని కూడా ఆ గ్రంథం చెబుతుంది. అన్యాయం జరిగిందని ఎవరు తేల్చాలో, ఎవరు దించాలో మాత్రం చెప్పదు. ఈ సంప్రదాయంలో పెద్ద లోటు ఇదేనని నా అభిప్రాయం. ఎన్నుకునే చేతులను అంత శ్రద్ధగా లెక్కపెట్టినవాళ్లు దించే చేతుల గురించి ఒక్క లెక్కా రాయలేదు.

బలంతో ఒక ప్రాంతాన్ని ఆక్రమించినవాడు షరియాను, ఖలీఫా గౌరవాన్ని కాపాడితే అతని పాలనను గుర్తించవచ్చని మావర్దీ దారి వదిలాడు. ముర్తజా తరఫు చిక్కు వేరు. షియాల నమ్మకం ప్రకారం పన్నెండో ఇమామ్ 874 నుంచి కనుమరుగై ఉన్నారు. మరి అన్యాయపు ప్రభువు కింద ఉద్యోగం చేయవచ్చా? బాధితులకు న్యాయం చేయగలిగితే చేయవచ్చు, కొన్నిసార్లు చేసి తీరాలి అని ఆయన చిన్న గ్రంథమే రాశాడు. తాను కూడా అలీ వంశీకుల పెద్దగా బాగ్దాదు ఖలీఫాలైన అబ్బాసీల కొలువులో పదవి నిర్వహించాడు. మొదట ఎంత దూరంగా బయలుదేరినా ఇద్దరూ చేరింది ఒకే చోటికి: చేతిలో కత్తి ఉన్నవాడితో ఎంతవరకు సర్దుకోవచ్చు అనే ప్రశ్నకు.

ఈ వివాదం మన గోల్కొండ దాకా వచ్చింది. కుతుబ్‌షాహీలు షియాలు. వాళ్ల మసీదుల్లో శుక్రవారం ప్రసంగమైన ఖుత్బాలో పన్నెండుమంది ఇమాములనూ ఇరాన్ షానూ స్మరించేవారు. 1636లో షాజహాన్ సైన్యం దక్కను మీదికి వచ్చినప్పుడు అబ్దుల్లా కుతుబ్‌షా సంతకం చేసిన ఒప్పందంలో కప్పంగా కట్టాల్సిన హొన్నుల లెక్కతో పాటు ఒక షరతు ఉంది. ఇకమీదట ఖుత్బాలో ఇమాముల పేర్లకు బదులు మొదటి నలుగురు ఖలీఫాల పేర్లు, ఇరాన్ షా పేరుకు బదులు మొఘల్ చక్రవర్తి పేరు చదవాలి. మదీనా పందిరి కింద ఎవరి ఎన్నిక చెల్లిందో వెయ్యేళ్ల తరువాత గోల్కొండ మసీదులో మొఘల్ ఫౌజు బలంతో తేలింది. ఖుత్బా మారింది కానీ ఆషూర్‌ఖానాలు అప్పుడు మూతపడలేదు. మొహర్రంలో అలీ కుమారుడు హుసేన్ పేరిట పీరులను ఎత్తుకునే ఆచారం తెలుగు పల్లెల్లో హిందువుల ఇళ్లలోకి కూడా పాకింది. ఆ ఇళ్లలో ఎన్నిక సిద్ధాంతం ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ పడలేదు.