బుడగ సైజులో ఇమిడిన లెక్క

స్వీడన్‌కు చెందిన హాన్స్ రోస్లింగ్ వృత్తిరీత్యా వైద్యుడు, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశారు. యువకుడిగా ఉన్నప్పుడు, 1972లో, మన బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో ప్రజారోగ్యం చదువుకున్నారు. 2006లో అమెరికాలోని టెడ్ వేదికపై ఆయన చూపించిన కదిలే బుడగల చార్టు లోకమంతా తిరిగింది. దాని వెనుక సాఫ్ట్‌వేర్ పని ఆయన కొడుకు ఓలా, కోడలు అన్నా రోస్లింగ్ రోన్‌లుండ్‌లది. ముగ్గురూ కలిసి 2005లో గ్యాప్‌మైండర్ సంస్థను స్థాపించారు. ఆ చార్టు కదలికను మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నన్ను కట్టిపడేసింది మాత్రం అది కదలకుండా నిలబడినప్పుడు కనిపించే పనితనం, అందులోనూ బుడగ సైజును వాళ్లు వాడిన తీరు.

ముందు చార్టు ఎలా ఉంటుందో చూద్దాం. ఒక్కో దేశానికి ఒక్కో వృత్తం. అడ్డంగా తలసరి ఆదాయం, నిలువుగా సగటు ఆయుర్దాయం. రంగు ఆ దేశం ప్రపంచంలో ఏ ప్రాంతానిదో చెబుతుంది, సైజు జనాభాను చెబుతుంది. సంవత్సరం బుడగల వెనుక పెద్ద అక్షరాల్లో, లేత రంగులో ఉంటుంది. ఆదాయపు గీత మీద 1000 నుంచి 2000 డాలర్లకు ఎంత దూరమో 32 వేల నుంచి 64 వేలకూ అంతే దూరం. పేద దేశంలో ఆదాయం రెట్టింపు కావడమూ ధనిక దేశంలో రెట్టింపు కావడమూ ఒకే అడుగుగా కనిపించాలన్నది ఇందులోని ఆలోచన. మామూలు స్కేలు పెట్టి ఉంటే పేద దేశాలన్నీ ఎడమ అంచున ఒకదాని మీద ఒకటి పడి ముద్దయిపోయేవి.

ఇక సైజు సంగతి. ఇండియా జనాభా సుమారు 140 కోట్లు, శ్రీలంకది సుమారు 2.2 కోట్లు. అంటే మనది దాదాపు 64 రెట్లు. చార్టులో ఇండియా వృత్తం వెడల్పు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. శ్రీలంక వృత్తం ఎంత ఉండాలి? తొందరపడి 40ని 64తో భాగిస్తే 0.6 మిల్లీమీటరు వస్తుంది. అది పెన్సిల్ మొన పెట్టిన చుక్క. సరైన జవాబు 5 మిల్లీమీటర్లు. 64కు వర్గమూలం 8, అందువల్ల వెడల్పులో ఎనిమిదో వంతు చాలు. అలా గీస్తే ఇండియా వృత్తం వైశాల్యం శ్రీలంక వృత్తం వైశాల్యానికి సరిగ్గా 64 రెట్లు అవుతుంది. మొదటి పద్ధతిలో గీస్తే ఆ తేడా 64 ఇంటూ 64, అంటే 4096 రెట్లకు పెరుగుతుంది. 64 రెట్ల నిజాన్ని నాలుగు వేల రెట్లుగా చూపిన చార్టు అబద్ధం చెప్పినట్టే, అందులోని ప్రతి అంకె సరైనదే అయినా.

ఈ చిక్కు ఎక్కడ పుడుతుందంటే, గీసేవాడి చేతికి దొరికేది వ్యాసార్థం, చూసేవాడి కంటికి తగిలేది వైశాల్యం. కంపాస్ అయినా కంప్యూటర్ అయినా వృత్తం గీయడానికి అడిగేది వ్యాసార్థాన్నే. అందుకని ఆ కొలతనే జనాభాకు అనుగుణంగా పెంచడం సహజంగా తోస్తుంది. కానీ చూసేవాడు వృత్తం అంచుల మధ్య దూరాన్ని కొలవడు, కాగితం మీద అది ఆక్రమించిన రంగును చూస్తాడు. పెనం మీద జానెడు దోసె పోసి, తర్వాత దానికి రెట్టింపు వెడల్పున్న దోసె పోస్తే పిండి నాలుగింతలు పడుతుంది. తినేవాడు దాన్ని రెండు దోసెల కింద లెక్కవేయడు.

ఈ లెక్క కొత్తదేమీ కాదు. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1801లో ప్రచురించిన ‘స్టాటిస్టికల్ బ్రీవియరీ’లో యూరప్ దేశాలను వృత్తాలుగా గీశాడు. దేశ విస్తీర్ణం ఎంతో వృత్తం వైశాల్యం ఆ నిష్పత్తిలో ఉంటుంది. వృత్తానికి ఎడమ పక్కన జనాభాను, కుడి పక్కన ప్రభుత్వ ఆదాయాన్ని నిలువు గీతలతో చూపాడు. కంప్యూటర్ ఊహకైనా రాని రోజుల్లోనే ఆయన ప్రతి దేశానికీ వర్గమూలం లెక్కగట్టి గీశాడు. ఈరోజు సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండీ అదే చోట తప్పడం వింతే.

ఆ తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఎలా దూరుతుందో ఒక్క చోట చూస్తే చాలు. వెబ్‌లో చార్టులు గీయడానికి విరివిగా వాడే డీ3 లైబ్రరీలో ఒక్క పదం తేడా:

```js
d3.scaleLinear().domain([0, 140]).range([0, 20])
d3.scaleSqrt().domain([0, 140]).range([0, 20])
```

రెండింట్లోనూ 140 కోట్లకు వ్యాసార్థం 20 అవుతుంది, కాబట్టి ఇండియా బుడగ రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది. తేడా మిగతా దేశాల్లో బయటపడుతుంది. మొదటి వరుసను వాడితే చిన్న దేశాలన్నీ కుంచించుకుపోతాయి. రెండో వరుస వర్గమూలం తీసి, వైశాల్యాన్ని జనాభాకు కడుతుంది. ఎక్సెల్ కూడా ఈ ప్రశ్నను మనకే వదిలింది: బుడగ సైజు వైశాల్యాన్ని సూచించాలా, వెడల్పునా అని ఫార్మాట్ పెట్టెలో రెండు ఎంపికలు ఉంటాయి. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో చిక్కు తిరగబడుతుంది. అక్కడ `scatter` తీసుకునే `s` అప్పటికే వైశాల్యపు కొలత. ఈ సంగతి తెలియక ముందే వర్గమూలం తీసి ఇస్తే, రెండోసారి వర్గమూలం తీసినట్టవుతుంది. అప్పుడు ఇండియా వెడల్పు శ్రీలంక కంటే మూడు రెట్లు కూడా ఉండదు, దేశాలన్నీ దాదాపు సమానంగా కనిపిస్తాయి.

వైశాల్యం సరిగ్గా గీస్తే పని పూర్తయినట్టేనా? ఇక్కడే అసలైన పనితనం మొదలవుతుంది. మనిషి కన్ను వైశాల్యాన్ని ఉన్నదానికంటే తక్కువగా చదువుతుంది. వృత్తాలున్న పటాలను పాఠకులు ఎలా చదువుతారో అమెరికన్ పటకర్త జేమ్స్ ఫ్లానరీ పరిశీలించి, 1971లో ఒక వ్యాసం ప్రచురించాడు. వృత్తం వైశాల్యం పెరిగినంతగా దాని సైజు పెరిగినట్టు పాఠకుడికి తోచదని, తోచే సైజు వైశాల్యానికి సుమారు 0.87 ఘాతంగా ఉంటుందని అతని ఫలితం. మన ఉదాహరణలో పెడితే, 64 రెట్లు పెద్ద వృత్తం కంటికి సుమారు 37 రెట్లే పెద్దదిగా తోస్తుంది. దీన్ని సరిదిద్దడానికి పెద్ద వృత్తాలను ఇంకాస్త పెంచి గీయమని, వర్గమూలానికి బదులు 0.57 ఘాతం వాడమని ఫ్లానరీ సూచించాడు. అప్పుడు ఇండియా వెడల్పు శ్రీలంకకు ఎనిమిది రెట్లు కాకుండా దాదాపు 11 రెట్లు అవుతుంది.

ఈ దిద్దుబాటు పటాల తయారీలో చాలాకాలం నడిచింది. నాకు మాత్రం అది సబబుగా తోచదు. అందరి కన్నూ ఒకే మేరకు పొరబడదు, ఒకే పాఠకుడు కూడా పక్కన ఏ బుడగ ఉందో దాన్ని బట్టి వేరువేరుగా చదువుతాడు. దిద్దిన చార్టును స్కేలుతో కొలిచి చూసేవాడికి అంకెలు దొరకవు. గ్యాప్‌మైండర్ బృందం ఎంచుకున్న దారి ఇంతకంటే తెలివైనది. వైశాల్యాన్ని ఉన్నదున్నట్టు నిజాయితీగా గీసి, కన్ను బాగా చదవలేని పనిని వాళ్లు సైజుకు అసలు అప్పగించలేదు.

1984లో గణాంక శాస్త్రవేత్తలు విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ చార్టులోని గుర్తులను మన కన్ను ఎంత కచ్చితంగా చదవగలదో వరుస కట్టారు. ఒకే స్కేలు మీద స్థానాన్ని చదవడంలో కన్ను అన్నిటికంటే గట్టిది. పొడవు దాని తర్వాత, వైశాల్యం ఇంకా కింద. రోస్లింగ్ చార్టును ఈ వరుస పక్కన పెట్టి చూడండి. కచ్చితంగా తెలియాల్సిన ఆదాయం, ఆయుర్దాయం రెండూ స్థానాలకు దక్కాయి. జనాభా సైజుకు వెళ్లింది, ఎందుకంటే ఈ చార్టులో జనాభాకు కావలసింది బరువు మాత్రమే. ఆయుర్దాయం ఐదేళ్లు పెరిగిందంటే అది రెండు కోట్ల మందికా, 140 కోట్ల మందికా అన్నది చూడగానే తెలియాలి. ఆ మేరకు సైజు చాలు. ఇండియా జనాభాలో చైనాను దాటిందా లేదా అన్నది ఈ బుడగల్లో కనిపించదు, రెండు వృత్తాల వెడల్పుల్లో తేడా చాలా స్వల్పం. ఆ ప్రశ్న అడగడానికి ఈ చార్టు పుట్టలేదు, అడిగితే కడ్డీల చార్టు గీసుకోవాలి.

వృత్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డప్పుడు తీసుకున్న జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. పెద్ద బుడగలను ముందు గీసి, చిన్నవాటిని వాటిపై గీస్తారు. ప్రతి బుడగకూ సన్నని ముదురు అంచు ఉంటుంది. ఈ క్రమం తారుమారైతే ఇండియా, చైనాల కింద దగ్గర్లోని చిన్న బుడగలు మాయమైపోతాయి. అలా కప్పబడిన వృత్తం వైశాల్యం ఎంత సరిగ్గా గీసినా పాఠకుడికి చేరదు.

దీనికీ ఒక హద్దు ఉంది. పసిఫిక్‌లోని తువాలు దేశంలో ఉండేది సుమారు పదివేల మంది. ఇండియా వృత్తం 40 మిల్లీమీటర్లయితే తువాలుకు న్యాయంగా దక్కేది సుమారు 0.1 మిల్లీమీటరు. అది కనపడదు. అందుకని ఇలాంటి చార్టుల్లో చిన్న దేశాలకు ఒక కనీస సైజు పెడతారు, అక్కడ లెక్క కొంత తప్పుతుంది. ఆ కనీస సైజు చుక్కంతే ఉంటే నష్టం లేదు. బఠాణీ గింజంత పెడితే మాత్రం చిన్న దేశాలన్నీ లేని బరువును మోస్తాయి. ఇదీకాక, బుడగ సున్నా కంటే తక్కువను చూపలేదు. లాభనష్టాలకు, పెరుగుదల తరుగుదలలకు సైజును వాడకూడదు.

పత్రికలోనో ప్రభుత్వ నివేదికలోనో బబుల్ చార్టు ఎదురైతే పరీక్షించడం తేలిక. అంకెలు తెలిసిన రెండు బుడగలను ఎంచుకుని స్కేలుతో వాటి వెడల్పులు కొలవండి. పెద్దదాన్ని చిన్నదానితో భాగించండి. వచ్చినదాన్ని మళ్లీ దానితోనే గుణించండి. ఆ జవాబు అంకెల నిష్పత్తికి దగ్గరగా ఉంటే గీసినవాడికి పని తెలుసు. గుణించకముందే నిష్పత్తి సరిపోయిందంటే, ఆ చార్టు వ్యాసార్థంతో గీసింది, దాన్ని నమ్మవద్దు. గీయించినవాళ్లకు ఆ మాట రాసి పంపండి.