విద్యారుణ వడ్డీకి పన్ను మినహాయింపు: మానవ మూలధన వాదం - ఒక పరిశీలన

చదువుపై పెట్టే ఖర్చు వినియోగం కాదని, అది పెట్టుబడి అని ప్రతిపాదించిన థియొడోర్ షుల్ట్‌జ్, పన్ను చట్టాలు మానవ మూలధనం పట్ల వివక్ష చూపుతున్నాయని 1961లోనే ఎత్తి చూపాడు. యంత్రానికి తరుగుదల లెక్క ఉంది, మనిషి నైపుణ్యానికి లేదు. భారత ఆదాయపు పన్ను చట్టంలోని ట్యూషన్ ఫీజు, విద్యారుణ వడ్డీ మినహాయింపులను ఈ లోటుకు పాక్షిక పరిష్కారంగా భావించవచ్చు. మొదటిది ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజుకు, ఇతర పొదుపులతో కలిపి 1.5 లక్షల రూపాయల వరకు వర్తిస్తుంది. రెండవది విద్యారుణ వడ్డీకి, గరిష్ఠ పరిమితి లేకుండా, ఎనిమిదేళ్ల వరకు వర్తిస్తుంది.

అయితే ఈ ఉపశమనం ఎవరికి చేరుతుందన్నదే ప్రశ్న. కర్నూలు జిల్లా కల్లూరులో రెండు కుటుంబాలు ఏడాదికి చెరి 60,000 రూపాయల వడ్డీ చెల్లిస్తున్నాయనుకుందాం. 30 శాతం శ్లాబులోని ఉద్యోగికి సెస్సు కాక 18,000 రూపాయలు మిగులుతాయి. మెట్ట రైతు వ్యవసాయాదాయానికి పన్నే లేదు కనుక అతనికి దక్కేది శూన్యం. ప్రైవేటు వడ్డీ వ్యాపారి వద్ద తెచ్చిన అప్పుకు ఈ మినహాయింపు అసలే వర్తించదు. చదువు ముగిసి ఉద్యోగంలో చేరిన రైతు కూతురు తన పేరిట ఉన్న రుణపు వడ్డీని తానే కడితే మినహాయింపు కోరవచ్చు. కానీ కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ అవకాశమూ ఉండదు.

పెట్టుబడి సమానమే, రాయితీ మాత్రం ఆదాయాన్ని బట్టి పెరుగుతుంది. కనుక మానవ మూలధన వాదం విద్యకు ప్రభుత్వ మద్దతును సమర్థిస్తుందే గాని, ఆ మద్దతు పన్ను మినహాయింపు రూపంలోనే ఉండాలని నిరూపించదు. మెట్ట ప్రాంతానికి సంబంధించినంతవరకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వంటి నేరుగా చేసే సాయమే ఆ వాదానికి మరింత దగ్గరగా నిలుస్తుంది.