గోడెల్ అసంపూర్ణతా సిద్ధాంతం: అన్వయంలో జరిగిన పొరపాటు

ఏ సమాజమూ కేవలం తనలోని అంశాలతోనే తనను తాను నిలబెట్టుకోలేదనే అభిప్రాయానికి ఫ్రెంచి రచయిత రెజిస్ దెబ్రే గోడెల్ సిద్ధాంతాన్ని ఆధారంగా చూపాడు. ఈ అన్వయాన్ని తత్త్వవేత్త జాక్ బూవెరెస్ 1999లో తీవ్రంగా విమర్శించాడు. సాహిత్య విమర్శలోనూ ‘ప్రతి వ్యవస్థా అసంపూర్ణమే, గోడెల్ నిరూపించాడు’ అనే వాక్యం తరచు వినిపిస్తుంది. సిద్ధాంతం చెప్పింది ఇది కాదు.

1931లో గోడెల్ నిరూపించిన దానికి షరతులున్నాయి. వ్యవస్థలో వైరుధ్యం ఉండకూడదు. ఏ వాక్యం స్వీకృతమో, ఏది కాదో యాంత్రికంగా తేల్చగలగాలి. సహజ సంఖ్యల సంకలన, గుణకారాలను గురించి కొంత మేరకైనా నిరూపించే శక్తి ఉండాలి. ఇవన్నీ ఉన్నప్పుడే, ఆ వ్యవస్థ అవునని గాని కాదని గాని నిరూపించలేని అంకగణిత వాక్యం ఒకటి ఉంటుంది. (గోడెల్ మొదట వైరుధ్యం లేకపోవడం కన్నా కొంత బలమైన షరతు పెట్టాడు, 1936లో రాసర్ దాన్ని సడలించాడు.) షరతు తొలగిస్తే ఫలితమూ మారుతుంది. గుణకారం లేకుండా సంకలనం మాత్రమే ఉన్న అంకగణితం సంపూర్ణమని ప్రెస్‌బర్గర్ 1929లోనే చూపాడు. కనుక ‘ప్రతి వ్యవస్థా’ అన్న మాట దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

రెండో పొరపాటు ఇంతకన్నా సూక్ష్మమైనది: ఎన్నటికీ నిరూపించలేని సత్యాలున్నాయని చెప్పడం. నిరూపించలేకపోవడం ఎప్పుడూ ఫలానా వ్యవస్థను బట్టే. గుడ్‌స్టైన్ అనుక్రమం ఇందుకు మంచి నిదర్శనం. 3ను భూమి 2లో 2+1గా రాయాలి. 2 ఉన్నచోట 3 పెట్టి, ఒకటి తీసివేస్తే 3 వస్తుంది. ఈసారి భూమి 3ను 4గా మార్చి ఒకటి తీసివేస్తే మళ్ళీ 3. ఇప్పుడు భూమి 4. సంఖ్య అంతకన్నా చిన్నది కనుక భూమిని ఎంత పెంచినా అది మారదు. ఇకపై 2, 1, 0. అదే 4తో మొదలుపెడితే (ఘాతాంకాలనూ అదే భూమిలో రాయాలి) 26, 41, 60 అంటూ చాలాకాలం పెరుగుతూనే పోతుంది. అయినా చివరకు సున్నాకే చేరుతుంది. ప్రతి సంఖ్యకూ ఇంతేనని గుడ్‌స్టైన్ 1944లో అనంత క్రమసంఖ్యల సాయంతో నిరూపించాడు. పియానో అంకగణితం, దానిలో వైరుధ్యం లేదనుకుంటే, ఈ సార్వత్రిక వాక్యాన్ని నిరూపించలేదని కిర్బీ, పారిస్ 1982లో చూపారు. విచిత్రమేమంటే, విడివిడిగా ఏ ఒక్క సంఖ్యను తీసుకున్నా పియానో అంకగణితం నిరూపించగలదు. ‘ప్రతి సంఖ్యకూ’ అన్నప్పుడే దాని శక్తి చాలదు. ఇక్కడ సత్యం మానవ బుద్ధికి అందనిదేమీ కాదు. సమితి సిద్ధాంతంలో దాని నిరూపణ ఉండనే ఉంది.

ఈ దృష్టితో దెబ్రే వాదాన్ని చదివితే ముందుగా అడగవలసిన ప్రశ్నలు తేలుతాయి. సమాజానికి స్వీకృతాలేవి? అందులో నిరూపణ అంటే ఏమిటి? అది సంకలన, గుణకారాలను ఎలా వ్యక్తం చేస్తుంది? వీటికి సమాధానం లేనంతవరకు ఆ వాదంలో గోడెల్ పేరు ఉపమానంగా మాత్రమే నిలుస్తుంది, ఆధారంగా కాదు.