మారిన రోజు ఏ వరుసది?

బ్యాంకుల్లో కంప్యూటర్లు రాకముందు వడ్డీని ప్రోడక్టు పద్ధతిలో వేసేవారు. ఖాతాలో ఉన్న నిల్వను, అది మారకుండా నిలిచిన రోజులతో గుణించి పక్కన రాసుకుంటారు. ఆ గుణకారాలన్నీ కలిపి, వడ్డీ రేటుతో గుణించి, 36500తో భాగిస్తారు. అందులో నన్ను ముగ్ధుణ్ణి చేసేది గుణకారం కాదు, రోజుల గడి నింపే తీరు.

ఒక ఖాతా తీసుకుందాం. ఏప్రిల్ 1న నిల్వ 40,000. ఏప్రిల్ 11న 20,000 జమ అయింది, నిల్వ 60,000కి పెరిగింది. మే 26న 30,000 తీశారు, 30,000 మిగిలింది. జూన్ 30తో త్రైమాసికం ముగిసింది. ఇక్కడ చిక్కంతా ఏప్రిల్ 11, మే 26లతోనే. ఆ రోజుల్ని పాత నిల్వకు వేయాలా, కొత్త నిల్వకా? రెండింటికీ వేస్తే మూడు వరుసల్లో 11, 46, 36 రోజులొచ్చి మొత్తం 93 అవుతుంది. ఏప్రిల్, మే, జూన్ కలిపినా ఉన్నవి 91 రోజులే.

ఆ పద్ధతిని అల్లినవాళ్లు ఒకే నియమం పెట్టుకున్నారు: రోజు ముగిసేసరికి ఎంత ఉందో అదే ఆ రోజు నిల్వ. కాబట్టి మారిన రోజు ఎప్పుడూ కొత్త వరుసదే. జమ చేసిన రోజుకు వడ్డీ వస్తుంది, తీసిన రోజుకు తీసిన సొమ్ముపై రాదు. ఇలా చూస్తే 40,000కు 10 రోజులు, 60,000కు 45, 30,000కు 36. కూడితే సరిగ్గా 91. ప్రోడక్టులు వరుసగా 4,00,000, 27,00,000, 10,80,000, మొత్తం 41,80,000. మూడు శాతం చొప్పున 343 రూపాయల 56 పైసలు.

ఈ నియమంలో అందం ఏమిటంటే, రోజుల్ని వేళ్ల మీద లెక్కపెట్టే పనే ఉండదు. తర్వాతి వరుస తేదీలోంచి ఈ వరుస తేదీని తీసివేస్తే చాలు. మే 26 లోంచి ఏప్రిల్ 11 తీస్తే 45, అంతే. ఒక్క చివరి వరుస దగ్గరే చెయ్యి తడబడుతుంది. ముగింపు తేదీగా జూన్ 30 రాసి తీసివేస్తే 35 వస్తుంది, ఒక రోజు జారిపోతుంది. అక్కడ జులై 1 రాయాలి. ఈ తప్పును వడ్డీ అంకె చూసి ఎవరూ పట్టలేరు, రెండున్నర రూపాయల లోపు తేడా కంటికి ఆనదు. రోజుల గడి కింద 91కి బదులు 90 కనిపిస్తే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. తనను తానే తనిఖీ చేసుకునే లెక్క అది. 2010 ఏప్రిల్ 1 నుంచి పొదుపు ఖాతాల వడ్డీని రోజువారీ నిల్వపైనే వేయాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఇప్పుడు యంత్రం చేసే పని వెనకా ఉన్నది ఈ తర్కమే.

నోటీసు గడువుల్లోనూ ఇదే నేర్పు ఉంటుంది కానీ కారణం వేరు. నోటీసు సాయంత్రం నాలుగింటికి చేతికందవచ్చు. ఆ రోజును కలిపితే అందుకున్న మనిషికి మొదటి రోజు దాదాపు దక్కనట్టే. అందుకే మొదటి రోజును వదిలేస్తారు, చివరి రోజును కలుపుతారు. 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్ సెక్షన్ 9లో ఉన్నదీ ఇదే.

చెల్లని చెక్కుల కేసుల్లో దీన్ని ఎంత శ్రద్ధగా వాడారో సాకేత్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు 1999లో ఇచ్చిన తీర్పు చూపిస్తుంది. నోటీసు అందింది 1995 సెప్టెంబరు 29న. డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు. 29ని వదిలి, 30 నుంచి లెక్కపెడితే గడువు అక్టోబరు 14తో తీరింది. ఫిర్యాదు చేసే హక్కు అక్టోబరు 15న పుట్టింది. అక్కడి నుంచి నెలలోగా ఫిర్యాదు చేయాలి. అది దాఖలైంది నవంబరు 15న. ఒక రోజు ఆలస్యమైందని అవతలివారి వాదన. కోర్టు అక్టోబరు 15ను కూడా అదే నియమంతో వదిలేసింది, నెల నవంబరు 15తో ముగిసిందని తేల్చింది. నెల అంటే క్యాలెండరు నెల అన్నదీ ఇక్కడ ముఖ్యమే. అక్టోబరుకు 31 రోజులు గనుక, ముప్ఫై రోజులని లెక్కవేసి ఉంటే గడువు 14నే తీరిపోయేది. తర్వాత ఈ లెక్కపై సందేహం లేస్తే, 2013లో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇదే సరైనదని ఖాయం చేసింది. రెండు గడువుల మధ్య ఒక్క రోజు కూడా రెండుసార్లు లెక్కకు రాలేదు, అక్టోబరు 15 మాత్రం ఏ గడువులోనూ పడలేదు.

సెలవు చీటీకి వచ్చేసరికి పద్ధతి తిరగబడుతుంది. 10 నుంచి 14 వరకు సెలవంటే మనిషి ఆ రెండు రోజులూ పనికి రాడు, కాబట్టి రెండు చివరలూ లెక్కే: తీసివేస్తే 4, ఒకటి కలిపితే 5. వడ్డీకి అలవాటుపడిన చెయ్యి ఇక్కడ ఆ ఒకటిని మర్చిపోతుంది. పైగా మధ్యలో ఆదివారం పడితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి ఆర్జిత సెలవులో అది కూడా ఖర్చవుతుంది, క్యాజువల్ లీవులో కాదు. అందుకే తెలిసిన గుమస్తా చీటీ మీద రోజుల సంఖ్య ఒక్కటే రాసి ఊరుకోడు. తిరిగి డ్యూటీలో చేరే తేదీని కూడా రాయిస్తాడు. 15న చేరతానని చీటీలో ఉంటే, 15 లోంచి 10 తీసేస్తే 5 వస్తుంది. ఆ ఒకటి కలిపే పనే తప్పుతుంది.