పూటపూటకూ గుణించే చేయి

మా పాల కేంద్రం గుమాస్తా నెలాఖరు లెక్క కట్టే తీరంటే నాకెంతో గౌరవం. ఆయన వెన్న శాతాలన్నీ కూడి సగటు తీయడు. ఒక రైతు పొద్దున 6 కిలోల గేదెపాలు పోస్తే 6 శాతం, సాయంత్రం 4 కిలోలకు 7 శాతం వచ్చిందనుకుందాం. వెన్న మొత్తం 640 గ్రాములు. కిలో వెన్న 800 రూపాయలైతే 512 రావాలి. సగటు 6.5 పట్టి కడితే 520 అవుతుంది. సాయంత్రమే ఎక్కువ పోసేవారికైతే కోత పడుతుంది. అందుకే పూటపూటకూ గుణించాకే కూడతాడు.

తడిసిన కాగితంలో వెన్న శాతం 6.1 ఆ, 6.7 ఆ అన్నది తేలకపోతే ఊహించి వేయడు. ఆ పూట రైతుకిచ్చిన చీటీ తెప్పించుకుంటాడు. రైతులవారీ మొత్తం, రోజులవారీ మొత్తం ఒక్కటయ్యాకే దాణా బాకీ తీసేసి చెల్లింపు పట్టీ రాస్తాడు.